టెంపరరీ చాటా, ఇన్‌కాగ్నిటోనా, అడిగేసి డిలీట్ చేయడమా: ఏది మేలు?

ఈ మధ్య నాకు మళ్ళీ మళ్ళీ వస్తున్న ప్రశ్న ఇదే. "అన్నా, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచే చాట్‌జీపీటీని అడిగాను. మరి హిస్టరీలో ఎలా కనబడింది?" ఇంకొందరు, "అడిగేసి డిలీట్ కొట్టేస్తే సరిపోదా, టెంపరరీ చాట్ అని వేరే ఎందుకు?" అంటున్నారు. మూడూ ఒకేలా కనిపిస్తాయి గానీ దాచేవి వేరు, ఎవరి నుంచి దాస్తాయన్నదీ వేరు. ఒక్క ఉదాహరణ పెట్టుకుని చూద్దాం.

విశాఖ మధురవాడలో ఒక ఫ్లాట్‌లో ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారనుకోండి. చాట్‌జీపీటీ ప్లస్ ఒకరి పేరు మీద తీసుకుని ముగ్గురూ వాడుతున్నారు. రూల్ ప్రకారం ఒక అకౌంట్ ఒక్కరే వాడాలి, ఎంతమంది పాటిస్తున్నారో మనందరికీ తెలిసిందే. ఆ ముగ్గురిలో ఒకడు రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చాడు. దాతల రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి కాబట్టి బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకసారి వచ్చి డాక్టర్‌ను కలవమన్నారు. ల్యాబ్‌లో మళ్ళీ చేయిస్తే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. అవతల అనకాపల్లిలో ఇంట్లోవాళ్ళు సంబంధం ఖాయం చేసే పనిలో ఉన్నారు. ఆ రాత్రి అతను అడగాలనుకున్నవి మూడు. ఇది నయమవుతుందా? రూమ్‌లో వాళ్ళతో ఒకే కంచంలో తింటే అంటుకుంటుందా? పెళ్లిమాటల్లో అమ్మాయి వైపు వాళ్ళకి ఎప్పుడు చెప్పాలి?

ఇప్పుడు అతనికి ఎవరి భయం? అమెరికాలోని కంపెనీది కాదు. రేపు పొద్దున్న అదే అకౌంట్ తెరిచే రూమ్మేట్లది.

బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోతో అడిగాడనుకుందాం. అది ఆ ఫోన్‌లో లేదా ల్యాప్‌టాప్‌లో బ్రౌజింగ్ హిస్టరీని, కుకీలను మిగల్చదు. అంతవరకే. ఆ కిటికీలోనే చాట్‌జీపీటీకి లాగిన్ అయ్యాక అడిగినదంతా అకౌంట్‌లోకి వెళ్తుంది, ఎందుకంటే చాట్ దాచేది బ్రౌజర్ కాదు, అవతలి సర్వర్. కిటికీ మూసేసి నిశ్చింతగా పడుకుంటాడు. పొద్దున్న పక్కవాడు యాప్ తెరిస్తే ఎడమ పక్క వరసలో "ఎక్సెల్ ఫార్ములా"కీ "దమ్ బిర్యానీ కొలతలు"కీ మధ్య "హెపటైటిస్ బి, పెళ్లి" అని శీర్షిక కూర్చుని ఉంటుంది. ఆ శీర్షిక అతను పెట్టింది కూడా కాదు, యాప్ తనే పెట్టుకుంటుంది. పైన చెప్పిన ప్రశ్నకు జవాబు ఇదే.

లాగిన్ కాకుండా ఇన్‌కాగ్నిటోలో అడిగితే ఈ గొడవ లేదు. అకౌంటే లేదు కాబట్టి అందులో మిగిలేదీ లేదు. కాకపోతే కంపెనీ వైపు కథ వేరు. లాగిన్ లేని చాట్‌ని కూడా మోడల్ శిక్షణకు వాడుకునే వీలుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాన్ని ఆపుకోవాలి. ఇన్‌కాగ్నిటో తెరిచిన ప్రతిసారీ ఆ పని గుర్తుపెట్టుకుని చేసేవాళ్ళు నాకైతే తారసపడలేదు.

ఇక అడిగేసి డిలీట్ చేయడం. వరసలోంచి ఆ చాట్ వెంటనే పోతుంది. సర్వర్ల నుంచి సాధారణంగా 30 రోజుల్లోపు తీసేస్తామని ఓపెన్‌ఏఐ అంటుంది. పైకి చూస్తే టెంపరరీ చాట్‌కీ దీనికీ తేడా లేదనిపిస్తుంది. కానీ నా లెక్కలో అసలు విషయం మెమరీ, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

మామూలు చాట్‌లో మాట్లాడుతున్నప్పుడు అవసరమనిపించిన సంగతుల్ని యాప్ విడిగా రాసి పెట్టుకుంటుంది. "వాడుకరికి హెపటైటిస్ బి ఉంది, పెళ్లి ప్రయత్నాల్లో ఉన్నారు" అని ఒక వాక్యం అక్కడ చేరిందనుకోండి, తర్వాత చాట్‌ని డిలీట్ చేసినా ఆ వాక్యం పోదు. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. సెట్టింగ్స్‌లో Personalization, అందులో మెమరీ జాబితా తెరిచి దాన్ని విడిగా తుడవాలి. ఇది తెలియకపోతే ఏమవుతుందంటే, వారం తర్వాత రూమ్మేట్ జిమ్ కోసం డైట్ ప్లాన్ అడుగుతాడు. "మీ లివర్ పరిస్థితి దృష్ట్యా మద్యం పూర్తిగా మానండి" అని మొదలవుతుంది జవాబు. పక్కవాడు కళ్ళు నలుపుకుని, "ఎవడ్రా ఇది అడిగింది?" అంటాడు. హిస్టరీ ఎంత శుభ్రంగా ఉన్నా విషయం బయటపడిపోయింది.

దీనికి తోడు శిక్షణ సంగతి ఒకటుంది. Improve the model for everyone అన్న మీట ఆన్‌లో ఉన్నప్పుడు జరిగిన చాట్ శిక్షణకు అర్హమైపోతుంది. తర్వాత డిలీట్ చేసినా, అప్పటికే వాడేసి ఉంటే వెనక్కి తీసుకోలేం.

టెంపరరీ చాట్ ఈ రెండింటినీ మొదట్లోనే ఆపుతుంది. కొత్త చాట్ తెరిచినప్పుడు పైన కనబడే Temporary మీట నొక్కి మొదలుపెడితే ఆ సంభాషణ హిస్టరీలో చేరదు, అందులోంచి మెమరీ తయారవదు, శిక్షణకూ వెళ్ళదు. మొదలుపెట్టేముందే నొక్కాలి. మామూలు చాట్‌లో నాలుగు ప్రశ్నలయ్యాక గుర్తొస్తే దాన్ని టెంపరరీగా మార్చలేం, కొత్తది తెరవాల్సిందే. పంచుకున్న అకౌంట్‌లో సున్నితమైన ప్రశ్న అడగాలంటే నా ఓటు దీనికే, ఇందులో నాకు ఊగిసలాట లేదు.

అయితే "సేవ్ కాదు" అంటే కంపెనీ దగ్గర అసలు ఉండదని కాదు. దుర్వినియోగం జరుగుతోందేమో చూసుకోవడానికి 30 రోజుల వరకు కాపీ ఉంచుకోవచ్చని ఓపెన్‌ఏఐ చెబుతుంది. ఆ గడువు కూడా రాతిమీద గీత కాదని 2025లో తెలిసింది. న్యూయార్క్ టైమ్స్ వేసిన కేసులో ఆ ఏడాది మే నెలలో అమెరికా కోర్టు, తుడిచేయాల్సిన చాట్లను కూడా భద్రపరచమని ఓపెన్‌ఏఐని ఆదేశించింది. టెంపరరీ చాట్లూ అందులోకి వచ్చాయి. సెప్టెంబరు చివరికి ఆ బాధ్యత తీరింది. మన మధురవాడ కుర్రాడికి దీనివల్ల వచ్చిన ముప్పేమీ లేదు. కానీ కోర్టు కేసులో ఉన్నవాళ్ళు, లాయర్‌తో మాట్లాడాల్సిన విషయాన్ని టెంపరరీ చాట్‌తో మాట్లాడితే దానికి లాయర్ గోప్యత వర్తిస్తుందనుకోకూడదు.

జెమినీలో టెంపరరీ చాట్ 2025 ఆగస్టులో వచ్చింది. అక్కడ గడువు 72 గంటలు, అంటే అంకెల్లో అదే మెరుగు. క్లాడ్‌లో దెయ్యం బొమ్మ నొక్కితే ఇన్‌కాగ్నిటో చాట్ వస్తుంది, అదీ హిస్టరీలోకి, మెమరీలోకి వెళ్ళదు. మూడు రోజులా ముప్పై రోజులా అన్నది చూసి యాప్ మార్చుకోవాల్సిన పని లేదు. ఇంట్లోవాళ్ళ కంట పడకుండా ఉండటమే కావాల్సినప్పుడు మూడూ ఒకటే. గ్రోక్‌లోనూ ప్రైవేట్ చాట్ ఉంది, వాడేవాళ్ళు వాడుకోవచ్చు.

టెంపరరీ చాట్ చేతులెత్తేసే చోటు ఫోనే. ల్యాబ్ వాట్సాప్‌లో పంపిన రిపోర్ట్ పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీస్తే గ్యాలరీలోకి, బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫోటోస్‌లోకి వెళ్తుంది. యాప్‌లో టైప్ చేసిన మాటల్ని కీబోర్డ్ నేర్చుకుని, రేపు ఎవరో "హె" అని కొట్టగానే "హెపటైటిస్" చూపించవచ్చు. క్రోమ్ ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో మాత్రం గూగుల్ కీబోర్డ్ అయిన జీబోర్డ్ కొత్త మాటలు నేర్చుకోదు. అందుకే ఫోన్ కూడా నలుగురి చేతుల్లో తిరిగేదైతే రెండూ కలిపి వాడమంటాను: క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్, అందులో లాగిన్, ఆ తర్వాత టెంపరరీ చాట్. బ్రౌజర్ జాడని ఒకటి, అకౌంట్ జాడని ఇంకొకటి చూసుకుంటాయి.

రిపోర్ట్ ఫైల్‌ని ఎక్కించకుండా అందులోని ఫలితాన్ని చేత్తో టైప్ చేయడం మంచిది. ఫైల్‌లో పేరు, వయసు, ఫోన్ నంబర్, ల్యాబ్ ఐడీ ఉంటాయి, జవాబుకి అవేవీ అక్కర్లేదు. "27 ఏళ్ళ మగవాడు, లక్షణాల్లేవు, హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, తర్వాత ఏ పరీక్షలు?" అంటే చాలు. ఒకే కంచంలో తిన్నంత మాత్రాన అంటుకోదని, రక్తం, లైంగిక సంబంధం, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుందని, రేజర్, టూత్ బ్రష్ పంచుకోవద్దని, కాబోయే భార్యకు టీకా వేయించవచ్చని సరైన జవాబైతే చెప్పాలి. ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం కింద లెక్క. చాలామందికి అది పూర్తిగా పోదు గానీ అదుపులో ఉంచే మందులున్నాయి. అమ్మాయికి ఎప్పుడు చెప్పాలన్నది డాక్టర్ దగ్గరా, ఇంట్లోనా తేల్చుకోవాల్సిన మాట.

ఇక్కడే టెంపరరీ చాట్ లోటు కూడా బయటపడుతుంది. పేజీ మూసేస్తే ఆ జవాబు మళ్ళీ దొరకదు. ఈ జబ్బు ఒక్క రాత్రి ప్రశ్న కాదు. లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ నెలల తరబడి చూస్తూ ఉండాలి, గత ఫలితం పక్కన పెట్టుకుంటేనే కొత్తదానికి అర్థం. టెంపరరీ చాట్‌లో ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి, ఒక అంకె మర్చిపోతే జవాబే మారిపోతుంది. మామూలు చాట్ అయితే పాతవన్నీ వరసగా ఉంటాయి, ఆ సౌకర్యం నిజమే. అలా కావాలంటే సొంత అకౌంట్ తెరుచుకోవాలి, ఉచితమైనదైనా సరే. శిక్షణ మీట ఆపేసి, మెమరీ ఆపేసి, దానికో చాట్ ఉంచుకోవచ్చు. నేనైతే రిపోర్టులు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి కేజీహెచ్ గ్యాస్ట్రో ఓపీకి పట్టుకెళ్ళమంటాను. డాక్టర్ చూసేది ఆ కాగితాలనే. చాట్ నుంచి రాసుకోవాల్సింది డాక్టర్‌ని ఏమడగాలన్న నాలుగు ప్రశ్నలే, అవి పేజీ మూసేముందు చేత్తో రాసుకోవాలి.

రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు: ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో టెంపరరీ చాట్ వాడితే ఫర్వాలేదా? వద్దు. ఆ మెషీన్‌లో ఏం నమోదవ్వాలో నిర్ణయించేది ఐటీ విభాగం. స్క్రీన్‌ని చూసే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇన్‌కాగ్నిటో కిటికీ, టెంపరరీ మీట రెండూ దాని కంటికి మామూలు పేజీలే. లంచ్‌కి బయటికి వెళ్ళి, ఆఫీస్ వైఫై తీసేసి, సొంత ఫోన్‌లో అడగండి.