రీట్ యూనిట్లు: ఖాతాలో పడే డబ్బులో ఏమేం ఉంటాయి? కొన్నేళ్లు ఉంచుకున్నాక నా సమీక్ష

రీట్ అంటే చాలామంది దగ్గర డబ్బు సేకరించి అద్దెకిచ్చే భవనాల్లో పెట్టే ట్రస్ట్, అందులో మన వాటాలే యూనిట్లు. అలాంటి యూనిట్లు నా దగ్గర కొన్నేళ్లుగా ఉన్నాయి. మూడు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది. కొనాలనుకునే వాళ్లు ఎవరైనా నన్ను మొదట అడిగేది "ఏడాదికి ఎంత శాతం వస్తుంది?" అని. ఇన్నాళ్లు చూశాక నాకు ఆ శాతం కన్నా, ఆ డబ్బు ఏ పేరుతో వచ్చింది, నిజంగా అద్దె నుంచే వచ్చిందా అన్నదే ముఖ్యమని అనిపిస్తోంది. నావి భారత్‌లో లిస్టయిన ఆఫీసు భవనాల రీట్లు, అందుకని ఇక్కడి నిబంధనల ప్రకారమే రాస్తున్నాను.

ముందు డబ్బు నడిచే దారి చెప్పాలి. చాలావరకు భవనాలు నేరుగా ట్రస్ట్ పేరు మీద ఉండవు. ఒక్కో భవన సముదాయానికి ఒక్కో కంపెనీ ఉంటుంది, దాన్ని ఎస్‌పీవీ అంటారు. అద్దె ఆ కంపెనీకి వస్తుంది. ట్రస్ట్ యూనిట్లు అమ్మి సేకరించిన డబ్బులో కొంత ఆ కంపెనీకి అప్పుగా ఇస్తుంది, ఆ కంపెనీ షేర్లు కూడా ట్రస్ట్ చేతిలో ఉంటాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపిణీకి వీలైన నగదులో కనీసం 90 శాతం ఎస్‌పీవీ ట్రస్ట్‌కి పంపాలి, ట్రస్ట్ కూడా తన దగ్గరున్న దాంట్లో కనీసం 90 శాతం యూనిట్‌హోల్డర్లకి పంచాలి. ఆరు నెలలకి ఒకసారైనా పంచాలన్నది నిబంధన. నా దగ్గరున్నవి మూడు నెలలకోసారి ఇస్తున్నాయి.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. 90 శాతం అంటే అద్దెలో 90 శాతం కాదు. లెక్క తేలిగ్గా ఉండాలని అద్దె 100 అనుకుందాం. నిర్వహణ, ఆస్తి పన్ను, బీమా వగైరాలకి 20 పోతుంది. బ్యాంకు అప్పుల మీద వడ్డీ 22. మేనేజర్ ఫీజు, ట్రస్ట్ ఖర్చులు 4. మరమ్మతులకి, కొత్త కిరాయిదారుని తెచ్చినందుకు బ్రోకర్‌కి కలిపి 6. ఎస్‌పీవీ కట్టే ఆదాయపు పన్ను 3. మిగిలింది 45. నిబంధన వర్తించేది ఈ 45కి. మొత్తం 10 యూనిట్లు ఉన్నాయనుకుని మొత్తం పంచేస్తే యూనిట్‌కి 4.5 వస్తుంది.

ఇప్పుడు ఆ 45 మన దగ్గరికి ఏ పేర్లతో వస్తుందో చూడండి. ట్రస్ట్ ఇచ్చిన అప్పు మీద ఎస్‌పీవీ కట్టిన వడ్డీగా 20, షేర్ల మీద డివిడెండ్‌గా 10, అప్పులో అసలు తిరిగి కట్టినట్టుగా 15 అనుకుందాం. మూడూ ఒకే అద్దె నుంచి వచ్చిన నగదే. కానీ పన్ను దగ్గర మూడింటి దారులు వేరు. వడ్డీ భాగానికి మన స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. డివిడెండ్‌కి పన్ను ఉంటుందా ఉండదా అన్నది ఎస్‌పీవీ ఏ పన్ను విధానం ఎంచుకుంది అన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే శాతం ఇచ్చే రెండు రీట్లలో పన్ను పోగా చేతిలో మిగిలేది ఒకటి కాదు. శాతం గురించి అడిగినప్పుడు నేను నేరుగా జవాబు చెప్పలేకపోయేది ఇందుకే.

అసలు తిరిగి వచ్చే భాగం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2023 బడ్జెట్ మార్పుల తర్వాత ఆ డబ్బు మన కొనుగోలు ధరలోంచి తగ్గిపోతుంది. యూనిట్ 300కి కొన్నారు, కొన్నేళ్లలో ఆ భాగం కింద 60 వచ్చింది, 320కి అమ్మారు అనుకుందాం. లాభం 20 కాదు, 80. ఆ 60 మీద వచ్చిన రోజు పన్ను లేకపోయినా, అమ్మిన రోజు అది లెక్కలోకి వస్తుంది. బ్రోకర్ యాప్‌లో కనిపించే సగటు ధర చూసి లాభం లెక్కేస్తే తప్పు తేలొచ్చు. ట్రస్ట్ పంపే పంపిణీ వివరాల పట్టికలు అన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోవడం ఒక్కటే మార్గం.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఒక యూనిట్ మీద ఇలా తిరిగి వచ్చిన మొత్తం, మొదట ఆ యూనిట్‌ని ట్రస్ట్ జారీ చేసిన ధరని దాటితే, దాటిన భాగాన్ని ఆదాయంగా చూసి పన్ను వేస్తారు. ఆ లెక్కలో మనకన్నా ముందు ఆ యూనిట్ ఉన్నవాళ్లు అందుకున్న సొమ్ము కూడా కలుస్తుంది. మార్కెట్‌లో ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లకీ హద్దు ఆ జారీ ధరే. పాత రీట్ కొనేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

అసలు అన్న పేరు చూసి కొందరు "మన డబ్బే మనకి ఇస్తున్నారు" అని టెన్షన్ పడతారు. ఆ పేరు ఒక్కటీ చూసి భయపడక్కర్లేదు. పైన చూశాం కదా, ఆ 15 వెనక ఉన్నదీ అద్దె నగదే. భయపడాల్సింది పంచిన మొత్తం, భవనాల కార్యకలాపాల నుంచి వచ్చిన నగదులో వడ్డీలు పోగా మిగిలిన దానికన్నా ఎక్కువైనప్పుడు. ఆ తేడా కొత్త అప్పు నుంచో, కిరాయిదారులు ఇచ్చిన డిపాజిట్ల నుంచో, ఒక భవనం అమ్మగా వచ్చిన సొమ్ము నుంచో వచ్చి ఉండాలి. డిపాజిట్ అయితే కిరాయిదారు ఖాళీ చేసిన రోజు తిరిగి ఇవ్వాల్సిందే. నేను వార్షిక నివేదికలో నగదు ప్రవాహ పట్టిక తెరిచి, పంచిన మొత్తాన్ని దాని పక్కన పెట్టి చూస్తాను. ఒక్క త్రైమాసికంలో తేడా వస్తే పట్టించుకోను. వరసగా రెండేళ్లు వస్తే మాత్రం ఆ రీట్‌లో ఇంకో రూపాయి పెట్టను.

వడ్డీ రేట్ల దెబ్బ నేను 2022 తర్వాత దగ్గర్నుంచి చూశాను. అద్దెలు తగ్గలేదు, భవనాలు నిండుగానే ఉన్నాయి, అయినా చేతికొచ్చేది పలచబడింది. మన లెక్కలోనే చూద్దాం. 22 వడ్డీ అంటే 7 శాతం మీద అప్పు దాదాపు 314. రేటు 8.5 శాతానికి చేరితే వడ్డీ దాదాపు 26.7 అవుతుంది. పంచడానికి మిగిలేది 45 నుంచి 40.3కి దిగుతుంది. అద్దె పైసా తగ్గకుండానే మన వాటా పదోవంతు తగ్గింది. సెబీ అప్పులకి ఆస్తుల విలువలో 49 శాతం అని పైహద్దు పెట్టింది గానీ, ఆ హద్దుకి దగ్గర్లో నడిచే రీట్‌లో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే అప్పు శాతంతో పాటు, ఎంత భాగం మారే రేటు మీద ఉంది, ఏ ఏడాది ఎంత తిరిగి కట్టాలి అన్నది కూడా చూడాలి.

రికార్డు తేదీ గురించి ఒక్కమాట. ఆ రోజుకి యూనిట్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే ఆ విడత పంపిణీ అందుతుంది. పంపిణీ కోసమని ముందు రోజు కొంటే కలిసొచ్చేదేమీ లేదు. ఆ మేరకి యూనిట్ ధర మామూలుగా దిగుతుంది, పైగా వచ్చిన దాంట్లో వడ్డీ లాంటి భాగాల మీద పన్ను.

చివరిగా, కొత్త భవనాల కొనుగోలు. "పంపిణీ మొత్తం పెరిగింది" అని ప్రకటన వస్తుంది, చదివితే బాగానే ఉంటుంది. కానీ ఆ భవనం కొనడానికి కొత్తగా 2 యూనిట్లు జారీ చేశారు, భవనం వల్ల పంచడానికి 8 అదనంగా వచ్చింది అనుకోండి. 45 కాస్తా 53 అయింది, యూనిట్లు 12 అయ్యాయి. యూనిట్‌కి వచ్చేది 4.5 నుంచి 4.42కి తగ్గింది. మేనేజర్ ఫీజు ఆస్తుల విలువ మీదో, ఆదాయం మీదో లెక్కించే చోట భవనాలు పెరిగితే ఫీజు కూడా పెరుగుతుంది, మన వాటా తగ్గినా సరే. యూనిట్‌హోల్డర్ల ఓటుకి ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు కొన్న తర్వాత యూనిట్‌కి ఎంత వస్తుందన్న అంకె ఎక్కడుందో వెతుకుతాను. అది స్పష్టంగా రాసి ఉండకపోతే, లేదా ముందున్న దానికన్నా తక్కువగా ఉంటే, వద్దని ఓటేస్తాను.