సోమా సేఫ్ మోడ్‌లో: జంప్ స్కేర్లు పడనివాళ్ళకి హారర్ దొరికే చోటు

చీకటి కారిడార్‌లో ఒంటరిగా నడవడం, గోడ అవతల ఏదో కదిలినట్టు వినబడి ఆగిపోవడం, తలుపు తీయాలా వద్దా అని కాసేపు అక్కడే నిలబడిపోవడం, హారర్ గేముల్లో నాకు కావలసింది ఇదే. ఉన్నట్టుండి మొహం మీదకి అరుస్తూ దూకేవి నాకు పడవు, పేగులు బయటికి లాగి చూపించేవి అసలే పడవు. ఈ రెండూ వద్దంటే మిగిలేవి ముద్దుముద్దు దెయ్యాల గేములే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదని చెప్పడానికి నేను ఎప్పుడూ చూపించే గేమ్ సోమా. కొన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ ఆడుతున్నాను, నార్మల్ మోడ్‌లోనూ సేఫ్ మోడ్‌లోనూ పూర్తి చేశాను. ఈ సమీక్ష సేఫ్ మోడ్ గురించే. కథలో రెండు ఘట్టాలు మాత్రం విప్పి చెబుతున్నాను, అవి చెప్పకపోతే ఈ గేమ్‌లో భయం ఎలా పనిచేస్తుందో అర్థం కాదు. చివర ఏమవుతుందో చెప్పను.

సోమా 2015 సెప్టెంబర్‌లో వచ్చింది. చేసింది స్వీడన్‌కి చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్, అంతకుముందు 2010లో అమ్నీషియా: ద డార్క్ డిసెంట్ తీసినవాళ్ళే. టొరంటోలో ఉండే సైమన్ జారెట్ అనే కుర్రాడు తలకి స్కాన్ తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుంటాడు, కళ్ళు తెరిచేసరికి ఎక్కడో అట్లాంటిక్ సముద్రం అడుగున, పాడుబడిన పాథోస్-2 అనే కేంద్రంలో ఉంటాడు. చేతిలో ఆయుధం ఉండదు. తలుపులు తెరవడం, స్విచ్‌లు నొక్కడం, దొరికినవి చదవడం, నడవడం, అంతే.

మొదట వచ్చినప్పుడు ఇందులో రాక్షసులు మామూలుగానే వెంటపడేవి. దొరికిపోతే స్పృహ తప్పి కాసేపటికి లేస్తాం, కళ్ళు మసకబారి కుంటుకుంటూ నడుస్తాం, మళ్ళీ దొరికితే చచ్చిపోయి వెనక్కి వెళ్ళాలి. 2017 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్ వన్‌లో విడుదల చేసినప్పుడు సేఫ్ మోడ్ చేర్చారు, పీసీలో కూడా ఉచితంగా ఇచ్చారు. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే ఏ మోడ్ కావాలో అడుగుతుంది కాబట్టి అక్కడ చూసి ఎంచుకోండి. ఇందులో రాక్షసులని తీసెయ్యలేదు. అవి అక్కడే తిరుగుతుంటాయి, చప్పుడు చేస్తాయి, మనల్ని చూస్తాయి, దగ్గరికి కూడా వస్తాయి, కానీ చంపవు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే చాలామంది సేఫ్ మోడ్ అంటే ఖాళీ మ్యూజియంలో తిరగడం అనుకుని వదిలేస్తారు.

నార్మల్‌లో జంప్ స్కేర్ ఎక్కువగా పుట్టేది దొరికిపోయే క్షణంలో. పెద్ద శబ్దం, తెర అంతా చెదిరిపోవడం, దాని మొహం మన మొహం మీద. అది తీసేస్తే భయం సగం పోతుందని అనిపించవచ్చు, నా అనుభవంలో మాత్రం జరిగింది వేరు. నార్మల్‌లో ఒకే గదిలో రెండు మూడుసార్లు చచ్చాక ఆ రాక్షసి నాకు భయంగా తోచడం మానేసింది, ఎటు తిరుగుతుందో లెక్క కట్టి దాటెయ్యాల్సిన అడ్డంకి అయిపోయింది. టేబుల్ మీద కాగితం కనబడినా ఆగి చదవలేదు, పరిగెత్తడమే సరిపోయింది. సేఫ్‌లో ఆ పరుగు లేదు. ఆగి వింటాం, చదువుతాం. చదివిన కొద్దీ ఈ చోటు మీద అసలు భయం మొదలవుతుంది.

ఇక ఆ రెండు ఘట్టాలు.

మొదటిది ఉప్సిలాన్ అనే తొలి స్థావరంలోనే వస్తుంది. నేల మీద ఒక రోబో విరిగిపడి ఉంటుంది, దానికి తీగలు అల్లుకుని ఉంటాయి. దగ్గరికి వెళితే అది మాట్లాడుతుంది, పేరు కార్ల్ అంటుంది, దెబ్బ తగిలింది, ఎవరైనా వస్తారని చూస్తున్నాను అంటుంది. నువ్వు రోబోవి కదా అని సైమన్ అంటే, మతి పోయిందా అన్నట్టు బదులిస్తుంది. తను మనిషినే అని పూర్తిగా నమ్ముతోంది. గొంతులో ఎక్కడా యంత్రం ఛాయ లేదు, నొప్పితో ఉన్న మామూలు మనిషి గొంతు. కాసేపటికి మనం ముందుకి పోవాలంటే కరెంటు దారి మళ్ళించాలి, ఆ దారి కార్ల్ ఉన్న చోటు మీదుగానే పోతుంది. ఒక రకంగా మళ్ళిస్తే కార్ల్ నొప్పితో అరుస్తూనే ఉంటాడు, ఇంకో రకంగా చేస్తే ఆగిపోతాడు. ఇందులో రక్తం చుక్క లేదు, మీద పడేది ఏమీ లేదు. కానీ ఆ మీట మన చేత్తోనే లాగాలి. ఈ గేమ్‌లో ఇలాంటి మీట ఊరికే బటన్ నొక్కితే కదలదు, మౌస్ పట్టుకుని నెమ్మదిగా లాగాలి, కాబట్టి సగం లాగి ఆపెయ్యవచ్చు కూడా. నేను ఆపేశాను. అలా ఆగినప్పుడు లోపల కలిగేదే నేను హారర్ గేముల్లో వెతికేది.

రెండోది తీటా స్థావరంలో. ముందుకి పోవడానికి ఒక భద్రతా కోడ్ కావాలి, అది తెలిసిన బ్రాండన్ వాన్ అనే ఉద్యోగి బతికి లేడు. కానీ అతని మెదడు స్కాన్ ఉంది. మనతో పాటు ఉండే కేథరిన్ ఏమంటుందంటే, ఆ స్కాన్‌ని కంప్యూటర్‌లో నడిపి, అతన్ని లేపి, అడుగుదాం. లేపుతాం. అతనికి తను స్కాన్ అని తెలియదు, చుట్టూ ఉన్నది తేడాగా తోచి అనుమానపడతాడు, కంగారుపడతాడు, ఆ ఒత్తిడి తెర మీద పెరుగుతూ కనబడుతుంది, చెప్పకముందే ఆపెయ్యాల్సి వస్తుంది. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి పరిసరాలు మార్చి లేపుతాం, అతనికి పోయినసారిది ఏదీ గుర్తుండదు, మళ్ళీ కొత్తగా భయపడతాడు. స్కాన్ చేయించుకున్న గదిలాగే కనబడేలా చేసి, అతని ప్రియురాలి రూపంలో మాట్లాడిస్తే గానీ కోడ్ చెప్పడు. ఇది ఆటలో ఒక పజిల్, అంతే, సరైన కలయిక కనుక్కోవడం. కానీ తప్పు కలయిక పెట్టిన ప్రతిసారీ ఒక మనిషిని నిద్రలేపి, హడలగొట్టి, ఆర్పేస్తున్నాం. నేను ఈ భాగం ఆడేటప్పుడు ఆ గదిలోకి ఏ రాక్షసీ రాలేదు, అయినా మొత్తం గేమ్‌లో నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే.

ఇంకొకటి, శవాల విషయం. అక్కడ పనిచేసినవాళ్ళ తలల్లో బ్లాక్ బాక్సులు ఉంటాయి, శవం దగ్గరికి వెళితే ఆ మనిషి ఆఖరి క్షణాలు వినవచ్చు. వినడమే, చూడటం లేదు. ఎవరో ఎవరితోనో మామూలుగా మాట్లాడుతుంటారు, మాట మారుతుంది, ఏదో పడిన చప్పుడు, ఆగిపోతుంది. ఏం జరిగిందో ఎదురుగా ఉన్న గదిని చూసి మనమే పోల్చుకోవాలి. చావుని చూపించకుండా వినిపించడం వల్ల అసహ్యం వెనక్కిపోయి దిగులు ముందుకొస్తుంది. అందుకే చెబుతున్నాను, హెడ్‌ఫోన్స్ లేకుండా ఈ గేమ్ ఆడకండి. సేఫ్ మోడ్‌లో మిగిలిన భయమంతా చెవుల్లోంచే వస్తుంది: దూరంగా ఇనుము మూలగడం, నీరు కారడం, పైగదిలో బరువుగా ఎవరో నడవడం. చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ కూడా పెంచకండి, పెంచితే గోడల రంగు తేలిపోయి సినిమా సెట్ వేసినట్టు కనబడుతుంది.

గోర్ సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే సేఫ్ మోడ్ గోర్‌ని తగ్గించదు. అది దాడులని ఆపుతుంది, బొమ్మలని మార్చదు. మొదట్లోనే ఒక కారు ప్రమాదం కల వస్తుంది, పక్కసీటులో అమ్మాయి మొహం మీద రక్తం ఉంటుంది. ఆ తర్వాత చాలాచోట్ల నల్లటి జెల్ పట్టేసి గోడలకి అతుక్కుపోయిన మనుషులు కనబడతారు, కొందరు బతికే ఉంటారు. ఇది నరికే రకం కాదు, మనిషి శరీరం మనిషిది కాకుండా పోయే రకం. నాకు అది సహించగలిగేంతలోనే ఉంది. ఒమిక్రాన్ స్థావరం మాత్రం వేరు, అక్కడ శవాల తలలు పగిలి ఉంటాయి, దీపాల వెలుగులో బాగానే కనబడతాయి. నేను అక్కడ కెమెరా నేలకి దించుకుని నడిచాను, దానివల్ల కథలో పోయింది ఏమీ లేదు. శరీరం వికృతంగా మారడం చూస్తేనే కడుపులో తిప్పేవాళ్ళు ఈ గేమ్ వద్దనుకోవడమే మంచిది, ఏ మోడ్ పెట్టినా.

ఉలిక్కిపడేవి పూర్తిగా పోయాయా అంటే, లేదు. ఉప్సిలాన్‌లో కరెంటు పని అయ్యాక ఒక యంత్రం ఎదురొస్తుంది, అక్కడి నుంచి బయటపడే షటిల్ దారిలో దెబ్బతిని ఆగిపోతుంది, రెండింటికీ పెద్ద శబ్దాలున్నాయి. కానీ ఇవి గాల్లోంచి ఊడిపడవు, ముందు నుంచీ చప్పుళ్ళు దగ్గరవుతూ ఉంటాయి, ఏదో రాబోతోందని చెవికి తెలుస్తుంది. కథ ప్రకారం జరిగేవి కాబట్టి ఒకసారి దాటితే అయిపోయినట్టే.

సేఫ్ మోడ్‌తో నష్టపోయేది కూడా ఉంది. తీటాలో గుడ్డి రాక్షసులుండే కారిడార్లు చప్పుడు చేయకుండా నడవడం కోసమే కట్టారు. అవి మనల్ని ఏమీ చేయవని తెలిశాక అక్కడ మెల్లిగా నడవాల్సిన అవసరమే ఉండదు, దారి వెతుక్కోవడం ఒక్కటే మిగులుతుంది, కాస్త సాగదీసినట్టు ఉంటుంది. పాడుబడిన ఓడలోని భాగం కూడా నాకు అలాగే అనిపించింది. బాగా ఆలోచించి చేసిన మోడే అయినా, గేమ్‌ని మొదట దాని కోసం కట్టలేదన్నది ఇలాంటి చోట్ల తెలిసిపోతుంది.

కానీ ఆఖరి వైపు సముద్రం అట్టడుగుకి దిగే భాగం సేఫ్‌లోనే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. లిఫ్ట్‌లాంటి దాంట్లో చాలాసేపు కిందికి దిగుతాం, కిటికీ బయట నలుపు తప్ప ఏమీ ఉండదు, కేథరిన్‌తో మాటలు. తర్వాత బురద రేగే ప్రవాహంలో, ఒక దీపం నుంచి ఇంకో దీపానికి నడవాలి. దీపం దాటితే ఏముందో కనబడదు, పెద్దవి ఏవో మసులుతున్నాయని మాత్రం తెలుస్తుంది. నార్మల్‌లో ఇక్కడ పరిగెత్తాను. సేఫ్‌లో ఒక దీపం కింద నిలబడి, తర్వాతి దీపం బురదలో కనబడి మాయమవుతుంటే చూస్తూ ఉండిపోయాను.

నింపాదిగా ఆడితే పది పన్నెండు గంటల గేమ్. పాతది కాబట్టి మామూలు గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, సేల్‌లో బాగా తగ్గిస్తారు. ఇంగ్లీషు చదవగలగాలి, మాటలన్నీ వేగంగా ఉంటాయి కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇదే సంస్థ 2020లో తెచ్చిన అమ్నీషియా: రీబర్త్‌కి తర్వాతి ఏడాది అడ్వెంచర్ మోడ్ ఇచ్చింది, అందులో దాడులు తీసేసి, చీకటి చోట్ల వెలుతురు పెంచి, కొత్త పజిల్స్ చేర్చారు. సోమా నచ్చితే వెంటనే దాంట్లోకి దూకబోతారు కాబట్టి చెబుతున్నాను: వెలుతురు పెరగడంతో అందులో భయం సోమా అంత నిలవదు, శరీరాలకి సంబంధించిన దృశ్యాలు మాత్రం సోమా కంటే ఎక్కువ.