కొత్తవాళ్లతో మొదటి ప్రశ్న: ‘ఏం చేస్తుంటారు?’ కంటే ఏది మేలు?

విశాఖలో సభ కానివ్వండి, రిసెప్షన్ కానివ్వండి, పక్క కుర్చీలో కొత్త మనిషి కూర్చుంటే మనకు నోటికొచ్చే ప్రశ్న ఒకటే: “మీరేం చేస్తుంటారండీ?” దీనికి బదులు అడగదగ్గవి నాలుగు రకాలున్నాయి. నాలుగూ ఒక్కలా పనిచెయ్యవు. మొదటి మాటకు పనికొచ్చేది ఒకటైతే, మూడో మాటకు బాగుండేది ఇంకొకటి.

ముందు పాత ప్రశ్న సంగతే చూద్దాం. మన ఊళ్లో దానికొచ్చే జవాబు చాలాసార్లు ఒక ప్రహరీగోడ పేరు. “స్టీల్ ప్లాంటండీ.” “పోర్టు.” “షిప్‌యార్డు.” ఆ తర్వాత అడగడానికి మిగిలేది “ఏ డిపార్ట్‌మెంటు?” ఒక్కటే. ఆపైన “మా బావగారు కూడా అక్కడేనండీ, తెలుసా?” అంటాం. “చాలా పెద్దది కదండీ, తెలీదు” అంటారు. కథ కంచికి. నేవీ వాళ్లయితే మరీ ఇబ్బంది: ఏ షిప్పు, ఎక్కడికి వెళ్లొచ్చారు అన్నవి వాళ్లు బయట చెప్పుకునే సంగతులు కావు, అందుకని నవ్వి ఊరుకుంటారు. గ్రూప్-2కి మూడోసారి చదువుతున్న కుర్రాడు ‘ప్రిపేరవుతున్నానండీ’ అని తల దించుకుంటాడు. రిటైరైన మనిషి ‘చేసేవాణ్ని’ అంటూ మొదలుపెడతాడు. అన్నిటికన్నా నాకు చిరాకనిపించేది, ఒకావిడ “ఇంట్లోనేనండీ” అనగానే “మరి మీవారు?” అని అడగడం. అంతసేపూ ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడుకుంటారు.

అలాగని ఆ ప్రశ్నను పూర్తిగా నిషేధించనక్కర్లేదు. రుషికొండ వైపు ఐటీ వాళ్ల మీటింగులకో, రొయ్యల ఎగుమతిదారుల సదస్సుకో వచ్చేవాళ్లు పని మాట్లాడుకోవడానికే వస్తారు. అక్కడ పని ఊసెత్తకుండా వాతావరణం గురించి మాట్లాడితే ఎదుటివాళ్లకే వింతగా ఉంటుంది.

ఇక బదులు ప్రశ్నల్లో మొదటిది, మన సొంత ప్రశ్న: “ఏ ఊరండీ మీది?” విశాఖలో దీనికి మంచి జవాబులొస్తాయి, ఎందుకంటే ఇక్కడున్నవాళ్లలో సగంమందికి వెనక ఇంకో ఊరుంటుంది. పలాస అంటే జీడిపప్పు, ఏటికొప్పాక అంటే లక్క బొమ్మలు, బొబ్బిలి అంటే వీణ. మాట సాగడానికి దారి దొరుకుతుంది. కానీ ఈ ప్రశ్నకు ఒక మెట్లదారి ఉంది. ఊరి తర్వాత ఏ వీధి, ఆ తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ‘ఓహో, అయితే మీరు ఫలానావాళ్లన్నమాట’. మీకా ఉద్దేశం లేకపోవచ్చు. అవతలి మనిషి మాత్రం ఆ మెట్లు ఎక్కించుకున్న అనుభవంతోనే వింటాడు. దీన్ని కనిపెట్టడం సులువు: ఊరి పేరడిగితే జిల్లా పేరు చెప్పాడంటే, “శ్రీకాకుళం వైపండీ” అని అక్కడితో ఆపాడంటే, ఇంకా లోపలికి వెళ్లొద్దని అర్థం. “ఆ వైపు ఎక్కడ?” అని మాత్రం అనకండి.

దీన్నే కాస్త తిప్పి “వైజాగ్‌లో ఎక్కడుంటారు?” అంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. గాజువాక అంటే ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ గురించి, మధురవాడ అంటే అక్కడ కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల గురించి, పాత ఊరు అంటే సన్నసందుల గురించి మాట్లాడొచ్చు. దీనికీ ఓ హద్దుంది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని తెలియని మగవాడు అడిగే మొదటి ప్రశ్న ఇది కాకూడదు. ఇల్లెక్కడో చెప్పమన్నట్టే ఉంటుంది కాబట్టి.

రెండోది ఈమధ్య సలహాలిచ్చేవాళ్లంతా చెప్పే రకం: “ఈ రోజుల్లో మీకు బాగా ఉత్సాహమిస్తున్న విషయం ఏంటి?” ఆలోచన మంచిదే, పని గురించి కాకుండా మనిషి గురించి అడుగుతుంది. కానీ పరిచయంలేని మనిషిని, చేతిలో సమోసా ఉండగా ఇది అడిగితే ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చోబెట్టినట్టే. ఏదో గొప్ప జవాబు చెప్పాలన్న బరువు పడుతుంది, అందుకని తేలిగ్గా తప్పించుకుంటారు: “ఏముందండీ, అంతా మామూలే.” ఇది మొదటి ప్రశ్న కాదు. పది నిమిషాలు మాట్లాడాక, “ఈమధ్య సాయంత్రాలు ఏం చేస్తున్నారు?” అన్నంత మామూలు మాటల్లో అడిగితే బాగా పనిచేస్తుంది.

మూడోది మన ఊరిది: “హుద్‌హుద్ అప్పుడు ఎక్కడున్నారు?” 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు ఇక్కడున్న ప్రతి మనిషి దగ్గరా ఒక కథ ఉంది: ఏ కిటికీ అద్దం పగిలింది, వీధిలో ఏ చెట్టు పడింది, కరెంటు లేకుండా ఎన్నాళ్లు గడిపారు, మంచినీళ్లకి ఎంత దూరం వెళ్లారు. ఆఫీసరూ అటెండరూ ఒకే చీకట్లో కూర్చున్న రోజులవి, కాబట్టి ఉద్యోగాన్ని బట్టి ఎవరూ ఎక్కువ తక్కువ కారు. నా లెక్కలో ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. అయినా దీన్ని మొదటే వాడలేం. ఏ సందర్భమూ లేకుండా పన్నెండేళ్ల కిందటి తుపాను ఎత్తుకుంటే పక్కమనిషి కుర్చీ జరుపుకుంటాడు. ఆ తర్వాత వచ్చి స్థిరపడినవాళ్లకూ, చదువుకోడానికి వచ్చిన పిల్లలకూ చెప్పడానికేమీ ఉండదు. పైగా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. జవాబు “మాది మొత్తం పోయిందండీ” అని వస్తే వినడానికి సిద్ధపడే అడగాలి. చినుకు పడినప్పుడో, రోడ్డు పక్క చెట్ల మాట వచ్చినప్పుడో దీన్ని తేవాలి.

మరి మొదటి మాట ఏది? అదే నాలుగో రకం: ఇద్దరికీ ఎదురుగా కనిపిస్తున్నదాని గురించి, ఒక్క మాటలో జవాబొచ్చే ప్రశ్న. సభ అయితే “ఈయన మాట్లాడగా ఇంతకుముందు విన్నారా?” పెళ్లయితే “మీరు పెళ్లికూతురి తరఫా?” కచేరీ అయితే “ఇంకా మొదలవలేదు కదా?” అవును-కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలు వద్దని చాలామంది చెబుతారు. కొత్తమనిషి దగ్గర మాత్రం అదే మేలని నేనంటాను. జవాబు చెప్పడానికి ఖర్చేమీ లేదు, ఇష్టంలేకపోతే ‘లేదండీ’ అని ఫోన్ చూసుకోవచ్చు. మాట విప్పే పని రెండో ప్రశ్నది.

ఒక జాగ్రత్త. “ఎందుకొచ్చారు?” అంటే నిలదీసినట్టుంటుంది, “ఎలా వచ్చారు?” అంటే “ఆటోలో” అంటారు. “దీని గురించి మీకెవరు చెప్పారు?” అంటే సరిపోతుంది.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఒక సాయంత్రం పుస్తకావిష్కరణ అనుకోండి. ఆరింటికని కార్డులో వేశారు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు, మైకు సరిచేస్తున్నారు. పక్క కుర్చీలో యాభై దాటిన ఒకాయన. మాట ఇలా నడవొచ్చు.

“ఈయన మాట్లాడగా ఇంతకుముందు విన్నారాండీ?”

“లేదండీ, ఇదే మొదటిసారి. మా అమ్మాయి పంపించింది.”

ఇక్కడే రెండు దారులు చీలతాయి. “ఓహో, అమ్మాయి ఏం చేస్తుంది?” అన్నారంటే పాత గోతిలోనే పడ్డారు, కాకపోతే ఈసారి ఉద్యోగం కూతురిది. అలా కాకుండా ఆయన జవాబులోని మాటనే పట్టుకోవాలి. ‘పంపించింది’ అన్నాడు, అందులో కథ ఉంది.

“పంపించిందా? తను రాకుండానా?”

“అదేనండీ, తను బెంగళూరులో ఉంది. సంతకం చేయించి పుస్తకం పంపమంది. నాకేమో చదివే అలవాటే లేదు.”

“మరి ఆవిడకి ఎలా అబ్బిందండీ?”

“వాళ్ల నాయనమ్మ. రోజూ మధ్యాహ్నం ఈ లైబ్రరీకే తీసుకొచ్చేది.”

మూడు ప్రశ్నలకి ఒక ఇంటి సంగతి బయటికొచ్చింది. ఇంతవరకు ఎవరూ ఉద్యోగం అడగలేదు. ఆ తర్వాత “నాకు డ్యూటీ షిఫ్టుల్లో ఉండేది, పిల్లను తిప్పే తీరికుండేది కాదు” అని ఆయనే చెబుతాడు. అప్పుడు “ఎక్కడండీ?” అని అడిగితే ఎంత సహజంగా ఉంటుందో చూడండి. అదే ప్రశ్న, అదే మనిషి, వచ్చిన చోటు మాత్రం వేరు.

ఇలా జవాబులోంచి తీసి అడిగే ప్రశ్నల బలం గురించి 2017లో హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ ప్రశ్నలడిగినవాళ్లు ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చారు, అందులోనూ ముఖ్యపాత్ర ఈ అనుబంధ ప్రశ్నలదే. మనం చెప్పింది విన్నాడని ఎదుటివాడికి అవి రుజువు చూపిస్తాయి మరి. అంటే మొదటి ప్రశ్న ఎంత తెలివైనదన్నదాని గురించి మనం అనవసరంగా తలబద్దలు కొట్టుకుంటున్నాం. అది ఎంత చప్పగా ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్నలే గుప్పిస్తూ పోయినా పోలీసు వ్యవహారమవుతుంది. రెండడిగాక మన సంగతి ఒకటి చెప్పాలి: “మా అమ్మకీ ఈ లైబ్రరీలో కార్డుండేదండీ.” అప్పుడు ఆయన తిరిగి మిమ్మల్ని ఏదో అడిగితే సాగుతున్నట్టు. వరసగా రెండుసార్లు ఒక్క ముక్కలో జవాబిచ్చి, మోకాళ్లు స్టేజీ వైపు తిప్పుకున్నాడంటే చాలించాలి. “సరేనండీ, మొదలయ్యేట్టుంది” అని మనమూ అటు తిరిగితే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

పెళ్లిలో ఒక తేడా ఉంది. “పెళ్లికూతురి తరఫా?” అన్నదానికి రెండో ప్రశ్నగా “ఏమవుతారు?” అనడం మనకలవాటు. “మేనమామనండీ” అంటే సరే, కానీ “తెలిసినవాళ్లం” అంటే మాట తెగిపోతుంది. “చిన్నప్పట్నుంచీ తెలుసా?” అని అడిగితే మేనమామా చెబుతాడు, పక్కింటావిడా చెబుతుంది. పెళ్లికూతురు చిన్నప్పుడు ఎవరి గోడెక్కి జామకాయలు కోసిందో కూడా చెబుతారు.

రుషికొండ మీటింగుకి వెళ్లేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. అక్కడ ముందు “ఇవాళ్టి వాటిలో ఏ సెషన్ కోసం వచ్చారు?” అనండి. “ఆ క్లౌడ్ ఖర్చుల సెషన్ కోసం” అంటే ఆయన సంస్థలో దేంతో అవస్థ పడుతున్నారో తెలిసినట్టే. ఆ అవస్థ మీద రెండు మాటలయ్యాక విజిటింగ్ కార్డు ఇచ్చిపుచ్చుకుంటే, హోదా కార్డు మీద ఎలాగూ ఉంటుంది.