ఇల్లు కట్టిస్తున్నారా? బిల్డర్ తీసిన పాలసీ కాగితం ముందు చూడండి

మధురవాడలో కొండ వాలు స్థలంలో ఇల్లు కట్టిస్తున్నాం. పని మొదలుపెట్టే ముందే బిల్డర్ "టెన్షన్ పడకండి సార్, కార్ పాలసీ తీశాను" అన్నాడు. ఇంటికీ కారుకీ ఏంటి సంబంధమని మా ఆవిడ నవ్వింది. కడుతున్న పనికి జరిగే నష్టానికి తీసే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే బీమానే వీళ్లు పొట్టిగా అలా అంటారు. కాగితం చూపించమని నేను అడగలేదు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజుల వాన వెలిశాక వెళ్లి చూస్తే కొండవైపు గోడ కూలిపోయింది, సెంట్రింగ్ ఒరిగిపోయింది. షెడ్డులో అడుగు వరస సిమెంట్ బస్తాలు తడిసి రాళ్లలా గట్టిపడ్డాయి. మొత్తం నష్టం 3 లక్షలు.

నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి ముందు అడిగింది మా అగ్రిమెంటు, సామాను బిల్లులు. ఇల్లు పూర్తయ్యేసరికి ఖర్చు 45 లక్షలు. అందులో స్టీలు, సిమెంటు, ఇటుక, ఇసుక నేనే కొంటున్నాను. బిల్డర్ వాటా 18 లక్షలు. పాలసీ కూడా ఆ 18 లక్షలకే తీశాడు. కానీ ఈ పాలసీలో బీమా మొత్తం అంటే ఓనరు కొనిచ్చే సామానుతో కలిపి, పూర్తయిన పని మొత్తం విలువ. తక్కువ చూపిస్తే క్లెయిమ్ కూడా అదే దామాషాలో తగ్గుతుంది. 45లో 18 అంటే 40 శాతం. 3 లక్షలు కాస్తా 1,20,000 అయింది. తుఫాను, వరద లాంటి వాటికి మనం భరించాల్సిన ఎక్సెస్ మామూలు కంటే ఎక్కువ ఉంటుంది. మా పాలసీలో అది 50,000. చివరికి మిగిలింది 70,000.

ఆ చెక్కు కూడా బిల్డర్ పేరు మీదే వచ్చింది. పాలసీలో నా పేరు ఎక్కడా లేదు మరి. సెంట్రింగ్ నష్టం తనదేనని అందులో 40 వేలు ఉంచుకున్నాడు.

ఇంతకీ ఎవరు తీయాలి? సామానుతో సహా మొత్తం పని బిల్డర్‌దే అయితే అతన్నే తీయమనండి, కానీ ఓనరుగా మీ పేరు కూడా చేర్పించండి. మాలాగా సామాను మీరు కొంటుంటే మాత్రం మీరే తీసి, బిల్డర్ పేరు కలపండి. ప్రీమియంలో అతని వాటా బిల్లులో తగ్గించుకోవచ్చు. గడువు తేదీ కూడా చూసుకోండి, పని సాగితే అది అయిపోకముందే పొడిగించాలి. కూలీలకు దెబ్బ తగిలితే ఇది పనికిరాదు, దానికి వేరే పాలసీ ఉంటుంది.

పేర్లు, మొత్తం, ఎక్సెస్, గడువు అన్నీ షెడ్యూల్ పేజీలో ఉంటాయి. పునాది తవ్వకముందే దాన్ని వాట్సాప్‌లో పెట్టించుకోండి. మా బిల్డర్ ఆ ఒక్క పేజీ పంపడానికి ఐదు రోజులు తీసుకున్నాడు, అదీ గోడ కూలాక.