స్పానిష్‌లో మనుషుల ముందు వచ్చే ‘అ’: పాఠం చెప్పే సూత్రం మేలా, మన ‘ని’ మేలా?

స్పానిష్ మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఒక చిన్న అక్షరం దగ్గర అందరం ఆగిపోతాం. ‘బల్ల చూస్తున్నాను’ అనడానికి ‘బేయో లా మేసా’ అంటే చాలు. ‘మరియాను చూస్తున్నాను’ అనాలంటే మాత్రం ‘బేయో అ మరియా’ అనాలి. మధ్యలో ఆ ‘అ’ లేకపోతే తప్పు. పాఠాల్లో దీనికి ఒక్క ముక్కలో సూత్రం ఇస్తారు: కర్మ మనిషైతే ‘అ’ పెట్టు, వస్తువైతే వద్దు.

తెలుగువాళ్ళకు ఇంకో కొలత కూడా చేతిలోనే ఉంది. మనమూ ‘మరియాను’ అన్నప్పుడు ద్వితీయా విభక్తి పెడతాం, ‘బల్ల’ అన్నప్పుడు వదిలేస్తాం. కర్మల్లో కొన్నిటికే గుర్తు పెట్టి మిగతావాటిని వదిలేసే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. స్పానిష్, తెలుగు రెండూ ఆ కోవలోవే. మరి వాక్యం రాసేటప్పుడు ఏ కొలతను నమ్మాలి? ‘మనిషా, వస్తువా’ అన్న సూత్రాన్నా, ‘తెలుగులో ని వస్తుందా’ అన్న ప్రశ్ననా?

మొదట సూత్రం తడబడే చోటు చూద్దాం. ‘కియెరో ఉన్ ఇఖో’, ‘కియెరో అ మి ఇఖో’ – రెండింటిలోనూ క్రియ ఒకటే, కర్మ కొడుకే, అంటే మనిషే. సూత్రం ప్రకారం రెండు చోట్లా ‘అ’ ఉండాలి. కానీ మొదటిదానికి ‘నాకు ఒక కొడుకు కావాలి’ అని అర్థం, రెండోదానికి ‘నా కొడుకును ప్రేమిస్తున్నాను’ అని. తెలుగులో అనుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: కావాలి అన్నచోట ‘ని’ లేదు, ప్రేమిస్తున్నాను అన్నచోట ఉంది. ‘నాకు ఇద్దరు అక్కలున్నారు’ కూడా అంతే. తెలుగులో ‘ని’ లేదు, స్పానిష్‌లోనూ ‘తెంగో దోస్ ఎర్మానాస్’ అంటారు. మనుషులే కదా అని ఇక్కడ ‘అ’ పెట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ళు తరచుగా చేసే తప్పు.

‘ఎవరినీ పిలవలేదు’ అన్నప్పుడు ఆ ఎవరూ ఒక ఫలానా మనిషి కాకపోయినా మనం ‘ని’ వదలం. స్పానిష్ కూడా ‘నాదియె’, ‘ఆల్గియెన్’ లాంటి మాటలు కర్మగా వస్తే వాటి ముందు ‘అ’ వదలదు.

ఇంతవరకు ‘ని’ వైపే మొగ్గు. అసలు చిక్కు డాక్టర్ దగ్గర వస్తుంది.

‘బుస్కో ఉన్ మెదికో కే ఆబ్లే ఇంగ్లెస్’ అంటే ఇంగ్లిష్ మాట్లాడే డాక్టర్ ఎవరైనా దొరుకుతారా అని వెతకడం. అలాంటి మనిషి ఉన్నాడో లేడో కూడా చెప్పేవాడికి తెలియదు. అందుకే ‘అ’ లేదు. క్రియ కూడా ‘ఆబ్లే’ అన్న సంభావన రూపంలో ఉంది. ‘బుస్కో అ ఉన్ మెదికో కే ఆబ్లా ఇంగ్లెస్’ అంటే ఒక ఫలానా డాక్టర్ ఉన్నాడు, ఇంగ్లిష్ మాట్లాడతాడు, అతన్ని వెతుకుతున్నాను అని. ఇక్కడ ‘అ’ వచ్చింది, క్రియ ‘ఆబ్లా’ అని మామూలు రూపంలోకి వచ్చింది. ‘అ’ను, క్రియ రూపాన్ని కలిపి గుర్తుపెట్టుకుంటే ఒకటి మరిచిపోయినా రెండోది దాన్ని పట్టిస్తుంది.

తెలుగులో ఈ తేడా ఉందా? ఉంది, కానీ వేరే దారిలో. ఎవరైనా ఫర్వాలేదు అనుకున్నప్పుడు మనం ఎక్కువగా ‘డాక్టర్ కోసం చూస్తున్నాను’ అంటాం. ఫలానా మనిషైతే ‘డాక్టర్‌ని వెతుకుతున్నాను’ అంటాం. అయితే ఇది గట్టి నియమం కాదు. ‘మంచి వంటమనిషిని వెతకాలి’ అన్నప్పుడు ఆ వంటమనిషి ఎవరో మనకు తెలియదు, అయినా ‘ని’ వస్తుంది. మనుషుల విషయంలో మన ‘ని’ స్పానిష్ ‘అ’ కంటే పట్టుదల ఎక్కువ ఉన్నది. కాబట్టి ఇక్కడ ‘ని’ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ‘ఆ మనిషి నా మనసులో ఉన్నాడా, ఎవరైనా సరేనా?’ అని ఇంకో ప్రశ్న వేసుకోవాలి.

వస్తువుల దగ్గర ‘ని’ ఇంకా దూరం తీసుకుపోతుంది. ‘ఆ పుస్తకాన్ని చదివాను’ అంటాం, తప్పేమీ లేదు. స్పానిష్‌లో ఎంత ఫలానా పుస్తకమైనా ‘లెయి ఎల్ లిబ్రో’ మాత్రమే. వస్తువులకు ‘అ’ వచ్చే సందర్భాలు లేకపోలేదు, ముఖ్యంగా ఒకదాని వెంట ఒకటి వస్తుందని చెప్పే క్రియలతో. కానీ అవి తర్వాత నేర్చుకోవచ్చు.

ఇంకో బలహీనత కూడా చెప్పాలి. ‘నాకు హువాన్ తెలుసు’ అన్న వాక్యంలో ‘ని’ లేదు. దాన్ని నమ్మి ‘కొనోస్కో హువాన్’ అంటే తప్పు. ‘కొనోస్కో అ హువాన్’ అనాలి. ఇలాంటి చోట వాక్యాన్ని ‘హువాన్‌ని ఎరుగుదును’ అని మార్చి చూసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న సందేశాన్ని రాసి చూద్దాం. ‘అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇంగ్లిష్ మాట్లాడే నర్సు కోసం వెతుకుతున్నాం. ఇంకా ఎవరినీ పిలవలేదు.’

మొదటి వాక్యం: ‘యెవే అ మి మాద్రె అల్ ఓస్పితాల్’. ఇందులో ‘అ’ రెండుసార్లు ఉంది. మొదటిది మన ‘ను’. రెండోది ‘ఎల్’తో కలిసి ‘అల్’ అయింది, అది మన ‘కి’. తెలుగులో రెండూ వేరువేరు ప్రత్యయాలు కాబట్టి మనకు గందరగోళం లేదు. స్పానిష్‌లో రెండింటికీ ఒకటే మాట. అందుకే ‘మా తమ్ముణ్ణి డైరెక్టర్‌కి పరిచయం చేశాను’ లాంటి వాక్యంలో, ఇద్దరూ మనుషులే అయినప్పుడు, ఎవరిని ఎవరికి అన్నది తికమక కాకుండా తమ్ముడి ముందున్న ‘అ’ను తీసేయడానికి వీలుంటుంది. ‘ని’ తీసేసి ‘కి’ ఉంచుతారన్నమాట.

రెండో వాక్యం: ‘బుస్కామోస్ ఉనా ఎన్ఫెర్మేరా కే ఆబ్లే ఇంగ్లెస్’. ఎవరైనా సరే కాబట్టి ‘అ’ లేదు, ‘ఆబ్లే’ ఉంది. మూడోది: ‘తొదవియా నో ఎమోస్ యామాదో అ నాదియె’. ‘ఎవరినీ’ కాబట్టి ‘అ’ తప్పదు.

ఈ మూడింట్లో ‘మనిషైతే పెట్టు’ అన్న సూత్రం రెండో వాక్యాన్ని చెడగొట్టేది. తెలుగులో అనుకుని రాస్తే మూడూ సరిగ్గా వచ్చాయి. అందుకే నా ఓటు ‘ని’కే, అదీ మనుషుల వరకే. వస్తువు కనిపించగానే ‘ని’ని పక్కన పెట్టి పాఠంలోని సూత్రం పట్టుకోవాలి.

జంతువుల దగ్గర రెండు కొలతలూ చాలవు. ఈగనైనా మనం ‘ఈగను చంపాను’ అంటాం, స్పానిష్‌లో ‘మాతే ఉనా మోస్కా’ అంటారు, ‘అ’ రాదు. పెంపుడు కుక్కైతే, పేరుతో పిలుచుకునేదైతే ‘అ’ వస్తుంది. రోడ్డు మీద కనిపించిన ఏదో కుక్కకు సాధారణంగా రాదు. ఇక్కడ చెప్పేవాడికి, ఆ జంతువుకు మధ్య ఉన్న దగ్గరితనమే తేలుస్తుంది.

వినికిడిని మాత్రం నమ్ముకోకండి. ‘బుస్కా అ ఆనా’ అన్న వాక్యంలో మూడు ‘అ’లు వరసగా వస్తాయి. మామూలు వేగంతో మాట్లాడితే ‘బుస్కానా’ అన్నట్టే వినిపిస్తుంది. మాట్లాడేవాళ్ళు ‘అ’ వదిలేశారనుకుని మీరూ వదిలేస్తే, అదే వాక్యం రాసినప్పుడు తప్పు కనిపిస్తుంది.