ఏళ్ల వాడకం తర్వాత మెథోట్రెక్సేట్, అడాలిముమాబ్: ఒక సమీక్ష

రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినవాళ్లలో కొందరు మూడో వారానికే "ఇది పనిచేయడం లేదు" అని మానేస్తారు. అది తొందరపాటు. ఇది వేసుకున్న గంటకు పనిచేసే నొప్పి మాత్ర కాదు. కణాల లోపల నెమ్మదిగా పోగుపడి, అక్కడ ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో వాపును చల్లార్చే అడినోసిన్ ఎక్కువగా విడుదలవుతుంది. అందుకే ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయో రాసుకుంటూ పోండి. గంటన్నర కాస్తా ఇరవై నిమిషాలకు దిగితే మందు పడుతోందన్నమాట. ఈ మందుకు పూర్తి మార్కులు ఇస్తాను, కానీ ఒక షరతు మీద: వేసుకునే రోజు, రక్తపరీక్ష రోజు ఎప్పుడూ తప్పకూడదు.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. అన్ని మాత్రల్లాగే దీన్నీ రోజూ వేసుకోవడమే అతిపెద్ద ప్రమాదం. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ముందు నోరంతా పూస్తుంది, తర్వాత రక్తకణాలు పడిపోతాయి, జ్వరం వస్తుంది. అలా జరిగితే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఉంది, అది ఎంత తొందరగా పడితే అంత మేలు. షాపులో ఇంకో మోసం పొంచి ఉంటుంది. 15 మిల్లీగ్రాముల మోతాదుకు 2.5వి ఆరు మాత్రలు వేసుకునే అలవాటున్నవారికి ఈసారి 10వి ఇచ్చారనుకోండి, అవే ఆరు వేసుకుంటే 60 అవుతుంది. కాబట్టి స్ట్రిప్ మార్చిన ప్రతిసారీ దాని మీది అంకె చదవాలి. మాత్ర వేసుకునే రోజు పేరును చీటీ మీద అక్షరాల్లో రాయించుకోవడం మంచిది.

ఫోలిక్ ఆసిడ్ 5 మిల్లీగ్రాములు మామూలుగా వేరే రోజు ఇస్తారు. వికారం, నోటిపూత, కాలేయపు ఎంజైములు పెరగడం దీనితో బాగా తగ్గుతాయి. వికారం మరీ ఎక్కువైతే, లేదా నోటి ద్వారా 15 దాటాక ఫలితం పెరగకపోతే, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. పెద్ద మోతాదులో పేగు మందునంతా పీల్చుకోలేదు.

రక్తపరీక్షలు మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, అంతా కుదురుకున్నాక మూడు నెలలకొకసారి చేయిస్తారు. బ్లడ్ కౌంట్, కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ చూస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటి ఉంది. ఆదివారం మాత్ర వేసుకునేవారు మంగళవారం రక్తం ఇస్తే, ఎస్‌జీపీటీ 40 ఉండాల్సింది 90 కనబడవచ్చు. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజులు అది తాత్కాలికంగా పెరుగుతుంది. అదే శనివారం ఇస్తే అసలు సంగతి తెలుస్తుంది. శనివారం కూడా 90 ఉంటే డాక్టరు మోతాదు తగ్గించడమో ఆపడమో చేస్తారు. క్రియాటినిన్ పెరిగితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే మందు బయటికి పోయే దారి కిడ్నీయే. మూత్రంలో మంటకు కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే వద్దని చెప్పాలి. రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే మందు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. గర్భం కోరుకునేవారు ముందే చెప్పి ఆపాలి.

మెథోట్రెక్సేట్‌తో చాలకపోతే జీవకణాల్లో తయారుచేసే బయలాజిక్ మందులు. వాటిలో ఒకటి అడాలిముమాబ్ సూది, 40 మిల్లీగ్రాములు, రెండు వారాలకొకసారి. టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతాన్ని పట్టుకుని ఆపుతుంది. మన దగ్గర దీనికి దాదాపు సమానంగా తయారైన మందులు, అంటే బయోసిమిలర్లు, 2014 చివరి నుంచే ఉన్నాయి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టితే పారేయాల్సిందే. పొడిచే ముందు అరగంట బయట పెడితే మంట తక్కువ.

అసలు భయం టీబీ. ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిముల చుట్టూ కణాలు గోడ కట్టి ఉంచుతాయి, ఆ గోడ నిలవడానికి టీఎన్ఎఫ్ కావాలి. సూది దాన్నే తీసేస్తుంది. కాబట్టి మొదలుపెట్టకముందే ఛాతీ ఎక్స్‌రే, దాగిన టీబీని పట్టే మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష చేయాలి. స్టెరాయిడ్ వాడేవారిలో మాంటూ తప్పుగా నెగెటివ్ రావచ్చు. దాగిన టీబీ బయటపడితే దాని మందు కనీసం ఒక నెల వాడాకే సూది. ఆ టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలదు కనుక ఆ నెలల్లో ఎస్‌జీపీటీ మరింత తరచుగా చూడాలి. సూదుల కాలంలో వచ్చే టీబీకి దగ్గే ఉండకపోవచ్చు; సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ మాత్రమే కనబడవచ్చు.

సూది పట్టగానే మెథోట్రెక్సేట్ సొంతంగా మానేసేవారూ ఉన్నారు. అడాలిముమాబ్ ప్రోటీన్ కావడంతో శరీరం దాని మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది, అవి పెరిగేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. మెథోట్రెక్సేట్ వాటిని అణచి ఉంచుతుంది. అందుకే వికారం లేకపోతే రెండూ కలిపే వాడటం నయం. జ్వరమో, చీముగడ్డో ఉన్న వారం మాత్రం సూది వేసుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.