తెనాలి స్టేషన్ పక్క స్టాండులో నాలుగేళ్లు: నెల పాసా, రోజు చీటీనా?

నేను తెనాలి నుంచి విజయవాడకి రోజూ రైల్లో వెళ్లొచ్చే మనిషిని. బండి స్టేషన్ బయట ఒక ప్రైవేటు స్టాండులో పెడతాను. మొదటి రెండేళ్లు రోజు చీటీ మీద, తర్వాత ఏడాదిన్నర నెల పాసు మీద, ఈ ఆరు నెలలుగా మూడో పద్ధతిలో పెడుతున్నాను.

మా స్టాండులో పన్నెండు గంటల లోపు 15 రూపాయలు, పన్నెండు దాటితే ఇరవై నాలుగు గంటల దాకా 25, నెల పాసు 400. ఈ లెక్క చూడగానే అందరూ 400ని 15తో భాగించి ఇరవై ఏడు రోజులు వస్తేగానీ పాసు గిట్టదు, మనం నెలకి ఇరవై నాలుగు రోజులేగా వెళ్లేది అనుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే అనుకున్నాను. కానీ నేను పొద్దున ఏడుకి బండి పెడతాను, సాయంత్రం రైలు కృష్ణా కెనాల్ దగ్గర కాసేపు ఆగిందంటే ఏడుంపావు, ఏడున్నర అయిపోతుంది, ఆ పావుగంటకే 15 కాస్తా 25 అవుతుంది. ఒక నెల చీటీలన్నీ దాచి కూడితే ఇరవై నాలుగు రోజుల్లో పద్నాలుగు రోజులు 15 చొప్పున 210, పది రోజులు 25 చొప్పున 250, మొత్తం 460. అంటే పాసు కంటే 60 ఎక్కువ కట్టాను. కాబట్టి ఎన్ని రోజులు వెళ్తాం అన్నదొక్కటే చూస్తే చాలదు, ఎన్ని రోజులు పన్నెండు గంటలు దాటుతోంది అన్నది కూడా చూడాలి.

చీటీ మీద టైము తప్పకుండా చూసుకోండి. పసుపు రంగు చీటీ, మధ్యలో చించి సగం మన చేతికిస్తారు, సగం బ్రేకు లివరుకి గుచ్చుతారు. పొద్దున రద్దీలో కుర్రాడు పది చీటీల మీద ముందే టైము రాసేసి పెట్టుకుంటాడు. ఒకరోజు నా ఫోన్లో 7:04 అయితే చీటీ మీద 6-50 అని ఉంది. సాయంత్రం ఏడు గంటలకి వస్తే పది నిమిషాలు దాటిందని 25 తీసుకున్నారు. అప్పటి నుంచి అక్కడే నిలబడి టైము దిద్దించుకుంటున్నాను, రైలు టెన్షన్‌లో ఉన్నా సరే.

పాసు తీసుకున్నాక ఆ తలనొప్పి పోయింది, చిల్లర గొడవ కూడా పోయింది. కానీ దానికీ ఇబ్బందులున్నాయి. పాసు ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకానే, మనం పదకొండున కొన్నా 400 కట్టాల్సిందే. బండి నంబరు మీద రాస్తారు కాబట్టి నా బండి షెడ్డులో ఉన్న వారం మా ఆవిడ స్కూటీ తెస్తే మళ్లీ చీటీ. పండక్కి ఊరెళ్లిన సంక్రాంతి నెలలో పద్దెనిమిది రోజులే వెళ్లాను, చీటీ మీద అయితే 340తో అయిపోయేది. పైగా పాసు బండ్లని లోపల చివరి వరసలో పెడతారు, సాయంత్రం మూడు బండ్లు జరిపితేగానీ మనది బయటికి రాదు.

చివరికి స్టాండు ఓనరుని అడిగాను, "బాబాయ్, రాత్రి నా బండి ఇక్కడ ఉండదు కదా, మరి రాత్రికి కూడా నేనెందుకు కట్టాలి?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే బాబూ, రాత్రి బండ్లు పెట్టి హైదరాబాద్ వెళ్లేవాళ్లకి ఆ జాగానే ఇస్తున్నా" అన్నాడు. అసలు సంగతి ఇదే. నెల రేటు రాత్రీ పగలూ జాగా మనదే అన్నట్టు కట్టిన రేటు, కానీ పగటి బండి వెళ్లిపోగానే అదే జాగా మీద ఆయనకి ఇంకో చీటీ వస్తోంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మాత్రమే చెల్లే పాసు 330కి ఒప్పుకున్నాడు, పది దాటిన రోజు ఇంకో పది రూపాయలు. ఈ ఆరు నెలల్లో అలా రెండుసార్లే కట్టాను.

రోజూ వెళ్లొచ్చేవాళ్లు ముందు ఒక నెల చీటీలు దాచి కూడండి, తర్వాత పగటి పాసు అడగండి, బోర్డు మీద రాసి లేకపోయినా. వారానికి రెండు మూడు రోజులే వెళ్లేవాళ్లకి చీటీయే మేలు. సోమవారం బండి పెట్టి శనివారం తీసుకునేవాళ్లకి మాత్రం వారానికి ఐదు రోజులకి 125 అవుతుంది, నాలుగు వారాలకి 500, వాళ్లు 400 పాసే తీసుకోవాలి, అదీ నెల మొదట్లోనే.